టోల్‌గేటులో రెండుసార్లు పోయిన డబ్బు

ఆ శనివారం పొద్దున్నే మా బాబాయ్, పిన్ని కారులో పెళ్లికి బయల్దేరారు. దారిలో ఒక టోల్‌గేటు దగ్గర కారు ముందున్న అడ్డుకర్ర లేవలేదు. లేన్‌లో ఉన్న కుర్రాడు చేతి రీడర్ పట్టుకొచ్చి అద్దం ముందు అటూ ఇటూ తిప్పాడు. "ట్యాగ్ పడట్లేదు సార్, యూపీఐ చేసేయండి" అన్నాడు. వెనక ఒకటే హారన్లు. కారు ఫీజు 100 రూపాయలు, ట్యాగ్ లేనట్టు లెక్కగట్టి యూపీఐలో 125 అడిగారు. బాబాయ్ కట్టాడు. కట్టాక మాత్రం కదల్లేదు. ఆయనది ఎరువుల కొట్టు, బిల్లు లేకుండా బస్తా కదలనివ్వడు. రశీదు చేతికొచ్చాకే కారు ముందుకు తీశాడు. ముప్పావు గంట గడిచాక, పెళ్లి పందిట్లో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అదే గేటు పేరుతో ఫాస్టాగ్ నుంచి 100 రూపాయలు కట్ అయినట్టు మెసేజ్.

"చూడరా, ఒక్కసారి దాటినందుకు రెండుసార్లు గుంజారు" అని ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. పోయింది వంద రూపాయలే కదా అనుకోవచ్చు. చాలామంది అలా అనుకునే వదిలేస్తారు. బాబాయ్ వదల్లేదు. ఆ వంద తిరిగి రావడానికి రెండు ఫిర్యాదులు పట్టాయి. మొదటిది తిరస్కరించారు, రెండోది నెగ్గింది. రెండింటికీ సాక్ష్యం ఒకటే, కాగితాలు అవే. తేడా వచ్చింది జరిగిన తప్పుకు ఆయన పెట్టిన పేరులో. ఈ విషయం చాలామందికి తెలియదు కాబట్టి దాన్నే కాస్త వివరంగా చెబుతాను.

ముందు డబ్బు ఏ దారిన పోతుందో చూద్దాం. కారు అద్దం మీద అతికించిన ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీదున్న రీడర్ పంపే రేడియో తరంగాలు తగిలినప్పుడు ట్యాగ్ తన నంబరు చెబుతుంది, అంతే. ఆ నంబరును, చదివిన సమయాన్ని, లేన్ నంబరును గేటు కంప్యూటర్ రాసుకుని ఆ గేటు ఖాతా ఉన్న బ్యాంకుకు పంపుతుంది. అక్కడి నుంచి అది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే యూపీఐని నడిపే సంస్థే, నిర్వహించే వ్యవస్థలోకి వెళుతుంది. అది ఆ ట్యాగ్ ఏ బ్యాంకు ఇచ్చిందో చూసి, ఆ బ్యాంకును డబ్బు తీయమంటుంది. మనకు మెసేజ్ పంపేది ఆ చివరి బ్యాంకు. కాబట్టి మెసేజ్ వచ్చిన సమయం వేరు, ట్యాగ్ చదివిన సమయం వేరు. గేటు దగ్గర నెట్ ఆగిపోతే చదివిన లెక్కలు అక్కడే పేరుకుని, నెట్ వచ్చాక ఒక్కసారిగా బయల్దేరతాయి. అందుకే ఒక్కోసారి ఇల్లు చేరి స్నానం చేసి పడుకున్నాక మెసేజ్ వస్తుంది.

రెండుసార్లు కట్ అయిందనే అనుమానాల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. పొద్దున వెళ్లేటప్పటి మెసేజ్, సాయంత్రం తిరిగొచ్చేటప్పటి మెసేజ్ రెండూ రాత్రి పది నిమిషాల తేడాతో వచ్చాయనుకోండి, ఫోన్‌లో చూస్తే రెండుసార్లు గుంజినట్టే కనిపిస్తుంది. మెసేజ్‌ను నమ్మి ఫిర్యాదు పెడితే అది నిలబడదు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో స్టేట్‌మెంట్ దించుకోవాలి. అందులో ప్రతి వరుసకూ గేటు పేరు, లావాదేవీ నంబరు, ట్యాగ్ చదివిన సమయం, డబ్బు తీసిన సమయం ఉంటాయి. కొన్ని బ్యాంకులు లేన్ నంబరు కూడా చూపిస్తాయి. మనకు కావలసింది చదివిన సమయం. యాప్‌లో అది కనిపించకపోతే బ్యాంకు కస్టమర్ కేర్‌ను అడిగి రాసుకోవచ్చు. ట్యాగ్ ఏ బ్యాంకుదో గుర్తు లేకపోతే ట్యాగ్ మీదే బ్యాంకు పేరు ఉంటుంది. కస్టమర్ కేర్ నంబరు కోసం మాత్రం గూగుల్‌లో వెతకవద్దు. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఉన్న నంబరుకే చేయండి. డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఏ బ్యాంకుకూ మీ ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అవసరం లేదు.

బాబాయ్ స్టేట్‌మెంట్ దించుకుని నాకు పంపాడు. ఆ వరుసలో ట్యాగ్ చదివిన సమయం ఉదయం 8 గంటల 47 నిమిషాల 12 సెకన్లు. యూపీఐ రశీదు మీద సమయం 8:49. ఫాస్టాగ్ మెసేజ్ వచ్చింది 9:31కి. ఈ మూడు సమయాలను ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాస్తే జరిగిన కథంతా బయటపడింది. ట్యాగ్ పడలేదన్నది నిజం కాదు. కుర్రాడు చేతి రీడర్ పట్టుకుని రావడానికి ముందే గేటు మీది రీడర్ దాన్ని చదివేసింది. చదవడం ఒక పని, కర్రను లేపడం మరో పని. మొదటిది జరిగి లెక్కలోకి ఎక్కింది, రెండోది జరగలేదు. కర్ర లేవలేదు కాబట్టి ట్యాగ్ చదవలేదని లేన్‌లో వాళ్లు అనుకున్నారు, యూపీఐ తీసుకున్నారు. ముందే ఎక్కిన లెక్క తన దారిన తాను వెళ్లి ముప్పావు గంటకు బ్యాంకులో వంద రూపాయలు తీసుకుంది.

ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. ట్యాగ్ పడలేదని నగదో యూపీఐయో కట్టిన ప్రతిసారీ ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ట్యాగ్ ఖాతాను చూసుకుంటూ ఉండాలి.

ఇక మొదటి ఫిర్యాదు సంగతి. బాబాయ్ బ్యాంకు యాప్ తెరిచాడు. ఆ లావాదేవీని ఎంచుకుంటే "సమస్య ఏమిటి" అని కొన్ని కారణాలు చూపించింది. అందులో "రెండుసార్లు కట్ అయింది" అన్నది కనబడగానే ఆయన దాన్నే నొక్కాడు. ఎవరైనా అదే నొక్కుతారు. యూపీఐ రశీదు ఫొటో జోడించి పంపాడు. ఆరో రోజు జవాబు వచ్చింది, లావాదేవీ సరైనదే, ఫిర్యాదు మూసివేస్తున్నాం అని. బాబాయ్ మండిపడ్డాడు. "రశీదు పెట్టాను కదరా, చూడను కూడా చూడలేదా?" అన్నాడు.

నా అంచనా ప్రకారం వాళ్లు చూడవలసింది చూశారు. రెండుసార్లు కట్ కావడం అంటే బ్యాంకు దృష్టిలో ఒకే ట్యాగ్ మీద, ఒకే గేటులో, ఒకే దాటడానికి రెండు ఫాస్టాగ్ లావాదేవీలు ఉండటం. వాళ్ల పుస్తకంలో వెతికితే ఆ పొద్దున ఆ గేటు పేరుతో ఒకటే ఉంది. ఒకటే ఉన్నప్పుడు రెండోది ఎక్కడిది? మూసేశారు. బాబాయ్‌కి జరిగింది వేరే తప్పు. డబ్బు ఇంకో విధంగా కట్టేశాక ట్యాగ్ నుంచి కూడా పోయింది. దానికి జాబితాలో వేరే కారణం ఉంది. ఒక్కో బ్యాంకు ఒక్కో మాటలో రాస్తుంది, "నగదు లేదా వేరే విధంగా చెల్లించాను, ట్యాగ్ నుంచి కూడా కట్ అయింది" అన్న అర్థంలో ఉంటుంది. ఆ కారణాన్ని ఎంచుకుంటే ఫిర్యాదును చూసే మనిషి ముందు మన రశీదు దగ్గరికే వెళతాడు, ఎందుకంటే అక్కడ నిరూపించవలసిన విషయమే అది.

రెండోసారి బాబాయ్ ఆ కారణం ఎంచుకుని, పక్కన ఉన్న ఖాళీలో నాలుగు వాక్యాలు రాశాడు. కోపం లేదు, కథ లేదు. దాదాపు ఇలా ఉంది: "ఫలానా తేదీన ఫలానా టోల్ ప్లాజాలో, 6వ లేన్‌లో, నా కారు ఒక్కసారే దాటింది. ట్యాగ్ పనిచేయడం లేదని చెప్పి ఉదయం 8:49కి యూపీఐ ద్వారా 125 రూపాయలు తీసుకున్నారు, యూపీఐ లావాదేవీ నంబరు, ప్లాజా రశీదు జత చేశాను. అదే దాటడానికి, 8:47:12కి ట్యాగ్ చదివినట్టు చూపిస్తూ నా ఫాస్టాగ్ నుంచి 100 రూపాయలు తీశారు, ఆ లావాదేవీ నంబరు ఇది. ఫాస్టాగ్ నుంచి తీసిన 100 రూపాయలు తిరిగి జమ చేయండి, మీ పాత ఫిర్యాదు నంబరు ఇది." జత చేసినవి మూడు. ప్లాజా ఇచ్చిన కాగితం రశీదు, యూపీఐ యాప్‌లోని చెల్లింపు పేజీ, స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఉన్న పేజీ.

ఆ కాగితం రశీదు లేకపోయుంటే పని మరింత కష్టమయ్యేది. యూపీఐ పేజీలో డబ్బు ఎవరికి వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో ఉంటుంది, ఏ కారు కోసం వెళ్లిందో ఉండదు. కారు నంబరు, లేన్, సమయం ఉండేది ప్లాజా రశీదు మీదే. నగదు కడితే ఆ రశీదు తప్ప వేరే ఆధారమే మిగలదు. ఆ రశీదులు ఎక్కువగా వేడికి అచ్చయ్యే పల్చటి కాగితం మీద వస్తాయి. కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలితే కొన్నాళ్లకు అక్షరాలు మాయమవుతాయి. తీసుకున్న వెంటనే ఫొటో తీసి పెట్టుకోవాలి.

మన బ్యాంకు ఆ ఫిర్యాదును గేటు తరఫు బ్యాంకుకు పంపుతుంది. వాళ్లు గేటు వాళ్లను అడుగుతారు. గేటు వాళ్లు ఒప్పుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది, ఒప్పుకోకపోతే తమ ఆధారాలు చూపించాలి. ఆ లేన్‌లోని కెమెరా ఫొటోలు అందులో ముఖ్యమైనవి. ఇదంతా నడవడానికి రోజులు పడుతుంది. బాబాయ్‌కి 18వ రోజున వంద రూపాయలు జమ అయ్యాయి. వచ్చింది ట్యాగ్ ఖాతాలోకే.

మిగిలిన 25 రూపాయల మాటేమిటని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2025 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, పనిచేసే ట్యాగ్ లేకుండా జాతీయ రహదారి గేటుకు వచ్చిన వాహనం యూపీఐ కడితే మామూలు ఫీజుకు ఒకటింబాతిక కట్టాలి. బాబాయ్ ట్యాగ్‌కు ఏ లోపమూ లేదు, అందులో డబ్బుంది, రీడర్ దాన్ని చదివింది కూడా. ఆయన మీద ఆ అదనపు రుసుం పడకూడదు. అంతేకాదు, చాలామందికి తెలియని మరో నిబంధన 2018 నుంచీ ఉంది. ట్యాగ్ సరిగ్గా ఉండి, అందులో సరిపడా డబ్బు ఉండి, గేటులోని యంత్రం లోపం వల్ల ఫీజు తీసుకోలేకపోతే ఆ వాహనాన్ని ఏమీ తీసుకోకుండా పంపాలి. సున్నా రూపాయల రశీదు కూడా ఇవ్వాలి. లేన్‌లో హారన్ల మధ్య ఈ నిబంధన చెప్పి వాదించడం అందరికీ సాధ్యం కాదు, నిజమే. కానీ "నా ట్యాగ్‌లో డబ్బుంది, యాక్టివ్‌గా ఉంది, మీ మిషన్ పనిచేయకపోతే సున్నా రశీదు ఇవ్వండి" అని ఆ ఒక్క మాట ప్రశాంతంగా అనవచ్చు. అనే ముందు యాప్‌లో ట్యాగ్ స్థితి, బాకీ లేని నిల్వ ఆ నిమిషంలోనే చూసుకుని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉంటే తప్పు గేటుది కాదు, ఈ నిబంధన వర్తించదు.

ఆ 25 రూపాయలను బ్యాంకు ఇప్పించలేదు. అవి యూపీఐ నుంచి పోయాయి, ఫాస్టాగ్ పుస్తకంలో లేవు. దానికి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, ప్లాజా పేరు, లేన్, సమయం చెప్పి ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి. బాబాయ్ అదే చేశాడు.

తప్పు పేరు సరిగ్గా తెలుసుకోవాలన్నాను కదా. మిగిలిన తప్పుల్లో ఒకటి మరింత గట్టిగా పట్టించుకోవలసింది ఉంది. కారు ఇంటి దగ్గరే ఉంటుంది, ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలోని గేటు పేరుతో డబ్బు పోతుంది. ట్యాగ్‌ను గాలిలోంచి ఎవరో కాపీ కొట్టారేమోనని చాలామంది భయపడతారు. సాధారణంగా జరిగేది అంతకంటే చిన్న విషయం. వచ్చిన వాహనం ట్యాగ్ చదవనప్పుడు లేన్‌లో ఉన్నవాళ్లు ఆ వాహనం నంబరు చేత్తో కొట్టి, దానికి ముడిపడిన ట్యాగ్ నుంచి డబ్బు తీయగలుగుతారు. హడావిడిలో 3కు బదులు 8 కొట్టినా, సిరీస్‌లో ఒక అక్షరం తారుమారైనా ఆ నంబరు మరొకరిది. ఆ మరొకరు మీరే కావచ్చు.

ఇక్కడ మీ దగ్గర కావలసిన సాక్ష్యం పూర్తిగా వేరు. రశీదు ఉండదు, ఎందుకంటే మీరు అక్కడ లేరు. కారు ఆ సమయంలో వేరే చోట ఉందని చూపాలి. అపార్టుమెంటు సెల్లార్ కెమెరాలో ఆ గంట దృశ్యం, సర్వీసు సెంటరులో కారు ఉంటే జాబ్ కార్డు, ఆఫీసు పార్కింగు స్లిప్పు పనికొస్తాయి. ఒక్కోసారి స్టేట్‌మెంటే మీకు సాక్ష్యం చెబుతుంది. ఉదయం 10 గంటలకు మీరు నిజంగా దాటిన గేటు హైదరాబాదు దగ్గర ఉండి, 10:20కి దాటినట్టు చూపిన గేటు విజయవాడ దగ్గర ఉంటే, ఇరవై నిమిషాల్లో ఏ కారూ అంత దూరం పోలేదు. ఆ రెండు వరుసల కింద గీత గీసి పంపితే అంతకు మించిన వాదన అక్కర్లేదు.

ఫిర్యాదులో ఒక కోరిక తప్పకుండా రాయాలి. "ఆ సమయంలో ఆ లేన్‌లో దాటిన వాహనం ఫొటో చూపించండి" అని అడగండి. గేటు వాళ్ల దగ్గర ఉన్న ఆ ఫొటో మొత్తం సంగతి తేల్చేస్తుంది. అందులో మీ నంబరుకు దగ్గరగా ఉన్న మరో నంబరు కనిపిస్తే టైపు తప్పు, డబ్బు తిరిగొస్తే సరిపోతుంది. మీ నంబరే పెట్టుకున్న వేరే కారు కనిపిస్తే అది టోల్ గొడవ కానే కాదు. ఎవరో మీ నంబరు ప్లేటు పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ ఫొటోతో వెంటనే పోలీసు స్టేషనుకు వెళ్లాలి. రేపు ఆ కారు ఎవరినైనా గుద్దితే మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే. గేటు కెమెరా దృశ్యాలు ఎప్పటికీ దాచి ఉంచరు కాబట్టి ఈ ఫిర్యాదును మెసేజ్ వచ్చిన రోజే పెట్టడం మంచిది. బ్యాంకులు కూడా ఫిర్యాదుకు గడువు పెడతాయి.

ఈ రకం తప్పుకు బ్యాంకుతో పాటు మరో చోట కూడా చెప్పుకోవచ్చు. జాతీయ రహదారుల సంస్థకు చెందిన ఇండియన్ హైవేస్ మేనేజ్‌మెంట్ కంపెనీ దీనికోసమే ఒక ఈమెయిల్ పెట్టింది: falsededuction@ihmcl.com. చేత్తో నంబరు కొట్టి తప్పుగా డబ్బు తీసినట్టు తేలితే, గేటు నడిపేవాళ్లకు ఒక్కో తప్పుకు లక్ష రూపాయల జరిమానా వేస్తున్నామని, అలా కనీసం 250 సందర్భాల్లో వేశామని ఆ సంస్థ 2025 ఆరంభంలో ప్రకటించింది. మీ వంద రూపాయల ఫిర్యాదు అక్కడికి చేరితే ఆ గేటులో ఇంకోసారి నంబరు కొట్టే చేయి ఒక క్షణం ఆగుతుంది. అందుకే చిన్న మొత్తమని వదిలేయవద్దని నా మాట. ఈ ఈమెయిల్, 1033 నంబరు జాతీయ రహదారులకు. రాష్ట్ర రహదారి మీదో, హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీదో తప్పు జరిగితే బ్యాంకు దారి మామూలుగానే ఉంటుంది, రెండో ఫిర్యాదు మాత్రం ఆ రోడ్డును చూసే సంస్థకు వెళ్లాలి.

నిజంగా రెండు ఫాస్టాగ్ లావాదేవీలు పడిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు స్టేట్‌మెంట్‌లో ఒకే గేటు పేరుతో రెండు వరుసలు, రెండు వేర్వేరు లావాదేవీ నంబర్లు, చదివిన సమయాల మధ్య కొన్ని సెకన్లో నిమిషాలో తేడా కనిపిస్తాయి. అంత తక్కువ సమయంలో గేటు దాటి, యూటర్న్ తీసుకుని, మళ్లీ దాటడం కుదరదు కాబట్టి ఈ రెండు వరుసలే మీ సాక్ష్యం, వేరే కాగితం అక్కర్లేదు. "రెండుసార్లు కట్ అయింది" అన్న కారణం సరిగ్గా ఇక్కడ నప్పుతుంది. పంపే ముందు ఒక్కటి గమనించండి. రెండు వరుసల్లోనూ ట్యాగ్ నంబరు ఒకటేనా? వేర్వేరు ట్యాగ్ నంబర్లుంటే కారులోనే రెండు ట్యాగులు ఉన్నాయన్నమాట. పాతది పీకేసి డాష్‌బోర్డు సొరుగులో పడేసిన వాళ్లు, ఇంట్లోని ఇంకో కారు ట్యాగ్ సంచిలో పెట్టుకుని బయల్దేరిన వాళ్లు నాకు తెలుసు. రీడర్‌కు సొరుగూ సంచీ అడ్డం కావు. పాత ట్యాగ్‌ను బ్యాంకులో మూయించి, కత్తెరతో ముక్కలు చేసి పారేయాలి. కారు అమ్మినప్పుడూ అంతే. మీ ఖాతాకు ముడిపడిన ట్యాగ్ ఆ అద్దం మీద ఉన్నంత కాలం కొన్నవాడి ప్రయాణాలకు మీరే కడుతుంటారు, ఆ డబ్బు ఏ ఫిర్యాదుతోనూ తిరిగి రాదు.

ఎక్కువ డబ్బు పోవడం ఇంకో రకం. కారు దాటితే మినీ లారీ ఫీజు తీస్తారు. ఇక్కడ తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. నెల స్టేట్‌మెంట్ తీసి, దాటిన ప్రతి గేటులోనూ పోయిన మొత్తాన్ని ఆ గేటు బోర్డు మీద కారుకు రాసిన ఫీజుతో పోల్చండి. అన్ని గేట్లలోనూ ఎక్కువే పోతుంటే, ట్యాగ్ ఇచ్చేటప్పుడే బ్యాంకు మీ వాహనాన్ని వేరే తరగతిలో రాసింది. కారుకు ఇచ్చే ట్యాగ్ ఊదా రంగులో ఉంటుంది. మీది నారింజ రంగైతే అక్కడే తెలిసిపోతుంది. ఆర్సీ ఫొటో జోడించి తరగతి మార్చమని బ్యాంకును అడగాలి. ఎక్కువ పోయింది ఒక్క గేటులోనే అయితే, వాహనం రకాన్ని గుర్తించే ఆ లేన్ యంత్రం పొరబడింది. కారు మీద సామాను కట్టినప్పుడు, వెనక ట్రెయిలర్ తగిలించినప్పుడు ఇలా జరిగే వీలుంది. అప్పుడు ఆర్సీ, కారు ముందు నుంచీ పక్క నుంచీ తీసిన ఫొటోలు పెట్టి ఆ ఒక్క లావాదేవీ మీద ఫిర్యాదు చేయాలి.

తిరుగు ప్రయాణం లెక్క కూడా ఒకసారి చూసుకోండి. చాలా జాతీయ రహదారి గేట్లలో 24 గంటల్లోపు అదే గేటు గుండా వెనక్కి వస్తే, రెండు వైపులా కలిపి ఒకవైపు ఫీజుకు ఒకటిన్నర రెట్లే పడాలి. అంటే వెళ్లేటప్పుడు 100 పోతే వచ్చేటప్పుడు 50. వచ్చేటప్పుడు కూడా 100 పోతే చదివిన సమయాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్య తేడా 24 గంటలు దాటకపోతే 50 రూపాయలు అడగవచ్చు. పది నిమిషాలు దాటినా అడగడానికి లేదు. ఇక 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ తీసుకున్నవాళ్లు, పాస్ ఉండగా డబ్బెలా పోయిందని బ్యాంకు మీద విరుచుకుపడే ముందు ఆ గేటు ఎవరిదో చూడాలి. ఆ పాస్ జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల గేట్లలోనే చెల్లుతుంది. రాష్ట్ర రహదారుల్లోనూ, అవుటర్ రింగు రోడ్డు మీదా మామూలుగానే ట్యాగ్ నిల్వ నుంచి డబ్బు పోతుంది. అది తప్పు కాదు.

బ్యాంకు ఫిర్యాదు తీసుకుని కదలకుండా కూర్చుంటే? 30 రోజులు ఆగండి. ఆ లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. అక్కడ ముందుగా అడిగేది మీరు బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, తేదీ. ఫోన్‌లో కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడి నంబరు తీసుకోకుండా పెట్టేస్తే ఆ గంట లెక్కలోకి రాదు. మాట్లాడినా సరే, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా ఒకటి పెట్టండి. అంబుడ్స్‌మన్ పరిధి బ్యాంకు వరకే. గేటు సిబ్బంది దురుసుగా ప్రవర్తించారనో, సున్నా రశీదు ఇవ్వలేదనో చెప్పుకోవలసింది 1033కే.

బాబాయ్ వంద రూపాయలు తిరిగి రావడానికి ఆధారమైనవన్నీ ఆ గేటు దగ్గర గడిచిన రెండు నిమిషాల్లోవే. లేన్ నంబరు, సమయం, కారు నంబరు ఉన్న ఆ చిన్న కాగితం వెనక హారన్లు మోగుతుండగా అడిగి తీసుకున్నది. మీకూ ఎప్పుడైనా "ట్యాగ్ పడట్లేదు సార్" అన్న మాట వినిపిస్తే, ముందు యాప్‌లో నిల్వ చూపించండి. అయినా డబ్బు కట్టక తప్పకపోతే, రశీదు చేతికి వచ్చేదాకా దయచేసి కారు కదిలించకండి.